‘కాస్త లోపలికి రాకూడదా?’ ఇది ఏ రకం వాక్యం?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. మొన్న బడిలో పెట్టిన పరీక్షలో ‘కాస్త లోపలికి రాకూడదా? – ఇది ఏ రకమైన వాక్యం?’ అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చారు. ‘కూడదు’ కనిపిస్తోంది కదా అని తను నిషేధార్థకం అని రాసింది. తప్పు కొట్టారు. ఇంటికొచ్చి నన్నడిగితే, గుమ్మంలో నిలబడ్డ చుట్టాన్ని పిలిచే మాట ఇది, ప్రార్థనార్థకమే అవుతుందని చెప్పాను. మర్నాడు టీచరుగారిని అడిగితే ప్రశ్నార్థకం అన్నారట, ఎందుకో చెప్పలేదట. ‘నువ్వు చెప్పిందీ తప్పే’ అని, అప్పటి నుంచి నా దగ్గర తెలుగు పుస్తకం తెరవడం మానేసింది. డిగ్రీ వరకు తెలుగు చదువుకున్నదాన్ని, మనసు చివుక్కుమంది. మా వారు బడికి వెళ్ళి మార్కు గురించి అడగమంటున్నారు. మా చెల్లెలేమో ఏ మాట ఉంటే ఏ వాక్యమో పట్టిక రాసిచ్చి బట్టీ పట్టించమంటోంది. ఒకే వాక్యానికి ముగ్గురం మూడు పేర్లు ఎలా పెట్టాం? ఏది సరి? పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఏం చేయమంటారు? – ఒక తల్లి

సమాధానం:

అమ్మా, పరీక్షకు సరైన సమాధానం ప్రశ్నార్థకమే. టీచరుగారు దిద్దింది న్యాయంగానే దిద్దారు. అయితే మీ చెవికి వినిపించిన ఆహ్వానం కూడా నిజమే. ఇక అమ్మాయి సరైన చోటే వెతికింది, కానీ ఒక్క అచ్చు ముందు ఆగిపోయింది. ఈ మూడూ ఎలా కుదురుతాయో విడదీసి చెబుతాను. బడికి వెళ్ళాలా, పట్టిక రాయాలా అన్నది ఆ తర్వాత తేల్చుకోవడం తేలిక.

మొదట అమ్మాయి రాసిన సమాధానం చూద్దాం. తెలుగులో వాక్యం ఏ రకమో చెప్పే గుర్తు చాలావరకు చివరి క్రియలో, అందులోనూ చిట్టచివర ఉంటుంది. మీ అమ్మాయికి ఉత్వసంధి వచ్చే ఉంటుంది. ఆ సంధినే ఇక్కడ వాడమనండి. రాకూడదా అన్న మాటను విడదీస్తే రా + కూడదు + ఆ. కూడదులోని చివరి ఉకారం లోపించి, దాని చోట ‘ఆ’ చేరింది. ‘రా’ అన్నది పని. ‘కూడదు’ ఆ పనిని నిషేధిస్తోంది. వీటన్నిటి తర్వాత వచ్చిన ‘ఆ’ మొత్తం మాటను ప్రశ్నగా మార్చేసింది. అన్నిటికంటే చివర చేరినదే వాక్యానికి పేరు పెడుతుంది. అమ్మాయి కూడదు దాకా చూసి కలం పెట్టేసింది. ఆ ‘ఆ’ తీసేసి ‘లోపలికి రాకూడదు’ అని ఇచ్చి ఉంటే ఆమె సమాధానానికి తిరుగు లేదు.

ఇక్కడ మన భాషలోని ఒక చక్కని సంగతి ఉంది. నిషేధాన్ని మనం ప్రధానంగా రెండు పద్ధతుల్లో చెబుతాం. ఒకటి రాకు, చెప్పకు, వెళ్ళకండి అని నేరుగా చెప్పడం. రెండోది రాకూడదు, చెప్పవద్దు, వెళ్ళరాదు అని పనికి ఇంకో మాట తగిలించడం. మొదటి పద్ధతికి ప్రశ్నార్థకమైన ‘ఆ’ అతకదు. ‘రాకా?’ అని ఎవరూ నిషేధాన్ని ప్రశ్నగా అడగరు. ఆజ్ఞ కూడా అంతే. ‘వెళ్ళు’కు ‘ఆ’ చేర్చి ‘వెళ్ళా?’ అంటే ఆజ్ఞ ప్రశ్న కాదు. ఎదుట ఉన్న మనిషికి నేరుగా ఇచ్చిన ఆదేశాన్ని అదే నోటితో సందేహించడం కుదరదు కాబట్టి భాష ఆ దారి మూసేసింది. రెండో పద్ధతికి మాత్రం ‘ఆ’ హాయిగా చేరుతుంది: రాకూడదా, చెప్పవద్దా, వెళ్ళరాదా. అందుకే పిల్లల్ని పరీక్షించదలచుకున్నవారు కూడదునో వద్దునో ఏరుకుని దాని చివర ‘ఆ’ పెడతారు. ‘రాకు’తో అలాంటి ప్రశ్న తయారు చేయలేరు. ఈ సంగతి తెలిస్తే, కూడదు, వద్దు కనబడగానే ఇంకొక్క అడుగు చివరికి చూడాలని అమ్మాయికి దానంతటదే గుర్తొస్తుంది.

ఇప్పుడు మీ సమాధానం. గుమ్మం దగ్గర నిలబడ్డ చుట్టం అని మీకు వెంటనే తోచింది. అయితే అది మీరు ఊహించుకున్న సందర్భం. ప్రశ్నపత్రంలో ఉన్నది ఒంటరి వాక్యం. అందులో కర్త లేదు. తెలుగులో నేను, నువ్వు, మీరు అన్న మాటలు వదిలేసినా వాక్యం నిలబడుతుంది కాబట్టి, ఆ ఖాళీలో ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు. ‘మీరు కాస్త లోపలికి రాకూడదా?’ అంటే ఇంటివారు పిలుస్తున్నారు. ‘నేను కాస్త లోపలికి రాకూడదా?’ అంటే బయట నిలబెట్టిన మనిషి, తనకు నిషేధం ఉందా అని నొచ్చుకుంటూ అడుగుతున్నాడు. ‘వాడు కాస్త లోపలికి రాకూడదా?’ అంటే వానలో తడుస్తున్న పిల్లవాడి మీద ఎవరో విసుక్కుంటున్నారు. ఒకటి ఆహ్వానం, ఒకటి ఫిర్యాదు, ఒకటి విసుగు. ‘కాస్త’ అన్న మాట వల్ల ఆహ్వానం వైపు కొంచెం మొగ్గు ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ మూడు సందర్భాల్లోనూ మారనిది ఒక్కటే: అది ప్రశ్న రూపంలో ఉంది. ఏ సందర్భంలో పెట్టినా చెల్లే పేరు అదొక్కటే కాబట్టి, విడి వాక్యానికి ఆ పేరే పెట్టాలి. టీచరుగారు చెప్పని కారణం ఇదే అయి ఉంటుంది.

మన మాటల్లో ప్రశ్న రూపం ఇలా వేరే పనులు చేయడం నిత్యం జరిగేదే. ‘కాస్త నీళ్ళిస్తావా?’ అన్నది ప్రార్థన. ‘నోరు మూస్తావా లేదా?’ అన్నది ఆజ్ఞ. ‘పెద్దవాళ్ళతో ఇలా మాట్లాడవచ్చా?’ అన్నది మందలింపు. పొద్దున్నే మంచం మీద బద్ధకంగా దొర్లే పిల్లతో ‘బడికి వెళ్ళవద్దా?’ అంటాం చూడండి, అది ఇంకా విచిత్రం. వద్దు అన్న నిషేధం ప్రశ్నలో చిక్కుకుని, వెళ్ళి తీరాలన్న అర్థానికి తిరిగింది. పరీక్షలో ఇవన్నీ ప్రశ్నార్థకాలే. ఇంట్లో ఇవన్నీ వేరే వేరే. మీరు ఇంట్లో వినే అర్థం చెప్పారు, బడి పరీక్షలో రాసే పేరు చెప్పింది.

ముగ్గురూ మూడు పేర్లు పెట్టడానికి ఇంకో మూలం ఉంది. బడి పుస్తకాల్లో ఉండే ఈ వాక్యాల పట్టికలో రెండు రకాల పేర్లు కలిసిపోయి ఉన్నాయి. ప్రశ్నార్థకం, నిషేధార్థకం, వ్యతిరేకార్థకం లాంటివి ఎక్కువగా మాట రూపాన్ని బట్టి తెలుస్తాయి. ప్రార్థనార్థకం, అనుమత్యర్థకం, ఆశ్చర్యార్థకం లాంటివి మాట్లాడేవారి ఉద్దేశాన్ని బట్టి పెట్టినవి. ఒకే వాక్యానికి ఒక రూపమూ ఒక ఉద్దేశమూ రెండూ ఉంటాయి కాబట్టి రెండు పేర్లూ వచ్చి పడతాయి. ఆజ్ఞార్థకం దగ్గర ఇంకో చిక్కు: కొన్ని పుస్తకాలు దాన్నే విధ్యర్థకం అంటాయి. అమ్మాయి పుస్తకంలో ఏ పేరు ఉంటే అదే రాయమనండి.

ఇక మీ చెల్లెలు చెప్పిన పట్టిక. వద్దు, కూడదు, రాదు ఉంటే నిషేధార్థకం, లేదు ఉంటే వ్యతిరేకార్థకం, ఎవరు, ఎక్కడ, ఎందుకు ఉంటే ప్రశ్నార్థకం, దయచేసి ఉంటే ప్రార్థనార్థకం. ఇలాంటి పట్టిక ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది, మామూలు వాక్యాలకు పనికొస్తుంది కూడా. కానీ అమ్మాయి మార్కు పోయింది సరిగ్గా ఇలా మాటను బట్టి పేరు పెట్టే పద్ధతి వల్లే. కూడదు చూసింది, పేరు పెట్టింది. ఇంకో పట్టిక ఇస్తే అదే తప్పు ఇంకో మాట దగ్గర చేస్తుంది.

ఎక్కడ చేస్తుందో చూపిస్తాను. ‘నువ్వు ఎక్కడికి వెళ్ళావో చెప్పు’ అన్న వాక్యంలో ఎక్కడికి ఉంది, ‘ఓ’ ఉంది. పట్టిక ప్రకారం ప్రశ్న అనో సందేహం అనో రాయాలి. కానీ వాక్యాన్ని ముగించిన క్రియ చెప్పు. అది ఆజ్ఞ. ముందున్నదంతా ఏమి చెప్పాలో తెలిపే భాగం మాత్రమే. అలాగే ‘ఎవరు వచ్చినా తలుపు తీయవద్దు’ అన్నది నిషేధార్థకం. ‘ఎవరు’ అక్కడ ఎవరినీ ప్రశ్నించడం లేదు, ‘వచ్చినా’తో కలిసి ఎవరైనా సరే అన్న అర్థం ఇస్తోంది. ఒక వాక్యంలో రెండు మూడు క్రియలున్నప్పుడు వాక్యాన్ని ముగించిన క్రియ దగ్గరికే వెళ్ళాలి. అది పట్టుకుంటే ఇలాంటివి సగానికి పైగా విడిపోతాయి.

అన్నిటికంటే మోసం చేసేది రాదు. ‘ఇక్కడ చెత్త వేయరాదు’, ‘ఈ రోజు వాన రాదు’, ‘నాకు ఈత రాదు’. మూడూ ఒకే మాటతో ముగిశాయి. మొదటిది నిషేధం. రెండోది వాన రావడం జరగదని చెప్పడం. మూడోది నాకా విద్య లేదని చెప్పడం. చివరి రెండూ వ్యతిరేకార్థకాలు. వీటిని విడదీయడానికి ఒక పరీక్ష ఉంది: రాదు తీసి దాని చోట కూడదు పెట్టి చదవమనండి. ‘ఇక్కడ చెత్త వేయకూడదు’ అంటే వాక్యమూ అర్థమూ నిలబడ్డాయి, కాబట్టి నిషేధం. ‘వాన కూడదు’, ‘నాకు ఈత కూడదు’ అంటే అసలు అర్థం పోయింది, కాబట్టి నిషేధం కాదు. ఇంకోవైపు ‘నువ్వు బయటికి వెళ్ళడానికి వీల్లేదు’ అన్న వాక్యం లేదుతో ముగిసినా నిషేధమే. ఇక్కడ పట్టిక పూర్తిగా చేతులెత్తేస్తుంది.

నిషేధార్థకానికీ వ్యతిరేకార్థకానికీ తేడా తెలియక పోయే మార్కులు చాలా ఎక్కువ, కాబట్టి దీని మీద కొంచెం సమయం పెట్టండి. నిషేధంలో ఒకరు ఇంకొకరిని ఒక పని చేయకుండా ఆపుతారు. వ్యతిరేకంలో ఎవరూ ఎవరినీ ఆపరు, పని జరగలేదనో జరగదనో చెబుతారు, అంతే. ఒకే క్రియతో చూపిస్తే పిల్లలకు బాగా పడుతుంది. ‘నువ్వు అబద్ధం చెప్పకు’ నిషేధం. ‘నువ్వు అబద్ధం చెప్పవు’ వ్యతిరేకం, నీ స్వభావం అలాంటిదని నమ్మకం చెబుతున్నాను. ‘నువ్వు అబద్ధం చెప్పలేదు’ కూడా వ్యతిరేకమే, జరిగిపోయిన సంగతి. ‘నాకు నిజం చెప్పవా?’ అనగానే చెప్పవు చివర ‘ఆ’ చేరింది, మళ్ళీ ప్రశ్న. చెప్పకు, చెప్పవు, చెప్పవా. ఒక్క అక్షరం మారితే రకం మారింది. ఈ మూడింటినీ వెంటవెంటనే పైకి చదివిస్తే తేడా చెవికే తెలిసిపోతుంది.

చివరి గుర్తు చూసినా తేలని వాక్యాలు కొన్ని ఉంటాయని కూడా అమ్మాయికి చెప్పడం మంచిది. వచ్చు వాటిలో ముఖ్యం. ‘మీరు ఇక ఇంటికి వెళ్ళవచ్చు’ అన్నది అనుమతి. ‘రేపు వాన రావచ్చు’ అన్నది జరగడానికి అవకాశం ఉందన్న ఊహ. వానకు ఎవరూ అనుమతి ఇవ్వరు కదా. పని చేసేది ఎదుటి మనిషి అయి, చెప్పేవారికి ఒప్పుకునే అధికారం ఉంటే అనుమత్యర్థకం అని పట్టుకోవచ్చు. కానీ ‘వాళ్ళు రేపు వెళ్ళవచ్చు’ అన్నప్పుడు? అధికారి ఆ మాట అంటే అనుమతి, పొరుగింటావిడ అదే మాట అంటే ఊహ. ఆ ఒక్క వాక్యంతో తేల్చడం ఎవరి వల్లా కాదు. అలాంటిది ఇస్తే లోపం ప్రశ్నలో ఉన్నట్టే. అప్పుడు ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాలు చూసి, రెండు అర్థాల్లో ఏది అక్కడ ఉంటే అది గుర్తించమనండి. ‘దయచేసి పూలు కోయకండి’ లాంటిది వస్తే నేనైతే నిషేధార్థకం వైపే ఉంటాను. కోయకండి అన్న క్రియ రూపం నిషేధమే, దయచేసి దాన్ని మెత్తబరిచింది. కానీ దయచేసి కనిపిస్తే ప్రార్థనార్థకం అని నేర్పే టీచర్లూ ఉన్నారు. అమ్మాయి టీచరుగారి పద్ధతి ఏదో ముందే తెలుసుకుని ఉండటం మేలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీ వారు చెప్పినట్టు మార్కు కోసం బడికి వెళ్తే ఆ మార్కు రాదు, ఎందుకంటే ఇచ్చిన సమాధానం నిజంగానే సరైనది కాదు. పైగా, తనకు తెలియని సంగతి మీద అమ్మానాన్నలు పోట్లాడారని అమ్మాయి చిన్నబుచ్చుకుంటుంది. ఆ టీచరుగారి ముందు మళ్ళీ చెయ్యెత్తి సందేహం అడగడానికి వెనకాడవచ్చు. మార్కు ఊసెత్తకుండా, వాక్యాన్ని చివరి ప్రత్యయాన్ని బట్టి గుర్తించమంటారా, భావాన్ని బట్టి గుర్తించమంటారా అని మాత్రం అడగడానికి వెళ్తే పరిస్థితి వేరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఏ తెలుగు టీచరుకైనా ఇష్టంగానే ఉంటుంది. దయచేసి, వచ్చు లాంటి చోట్ల బడి పద్ధతి ఏమిటో మీకూ తెలుస్తుంది. వీలైతే ఆ ప్రశ్న అమ్మాయి చేతే అడిగించండి. తను ఒప్పుకోకపోతే మీరు ఫోనులో అడగవచ్చు, కానీ జవాబు మీ నోట వచ్చిందంటే మళ్ళీ నమ్మకం ప్రశ్న లేస్తుందని గుర్తుంచుకోండి.

చెల్లెలి పట్టికను పూర్తిగా పారేయనక్కర్లేదు. పరీక్షకు వారమే ఉంటే అదే దిక్కు, ఐదారు మామూలు వాక్యాలకు సరిపోతుంది. నెల రోజులున్నా చాలు, నేనైతే పట్టిక తయారు చేసే పని అమ్మాయికే ఇస్తాను, గుర్తు పక్కన అది మోసం చేసే వాక్యాన్ని కూడా రాయమంటాను. కూడదు పక్కన రాకూడదా, రాదు పక్కన వాన రాదు, ఎవరు పక్కన ఎవరు వచ్చినా. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, మొదట్లో చిరాకు కూడా పడుతుంది. కానీ అలా పట్టిక రాసుకుంటే పరీక్షలో అనుకోని వాక్యం వచ్చినా తేల్చుకోగలుగుతుంది.

ఇక మీ ఇద్దరి మధ్య మాట. మీరు చెప్పింది తప్పు కాదని వాదించి గెలవవలసిన అవసరం లేదు. తన పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, ఆ వాక్యం ముందు నేను, మీరు, వాడు అని వేర్వేరు కర్తలను పెట్టి ఏ సందర్భంలో ఎవరు అంటారో తననే చెప్పమనండి. అప్పుడు మీరు విన్న అర్థం ఎక్కడ నిజమో, బడి చెప్పిన పేరు ఎందుకు నిలిచిందో తనకే కనిపిస్తుంది. అప్పటికీ పుస్తకం మీ దగ్గరికి తీసుకురాకపోతే కొన్నాళ్ళు వ్యాకరణం పక్కన పెట్టి పద్యాలో పాఠాలో చదివించండి. ఈ బిట్ల సంగతి టీచరుగారితోనో స్నేహితురాలితోనో చూసుకోనివ్వండి. ఒకటి రెండు మార్కుల భాగం కోసం మీ దగ్గర చదివే మిగతా తెలుగును పోగొట్టుకోవడం దండగ. తీసుకొస్తే మాత్రం ఈ వాక్యంతో మొదలుపెట్టండి: ‘అన్నం తినకుండా ఎక్కడికీ వెళ్ళవద్దని చెప్పానా లేదా?’ వద్దు ఉంది, లేదు ఉంది, ఎక్కడికీ ఉంది, అర్థమేమో ఆజ్ఞ. ముందు చివరి క్రియ ఏదో గుర్తించమనండి, ఆ తర్వాత దాని చివర ఏమి చేరిందో అడగండి.